ఒకటి ఎక్కడ మొదలవుతుంది?

పిల్లల చదువుల మీద ఏటా చర్చకు వచ్చే అసర్ నివేదిక 2023లో 14 నుంచి 18 ఏళ్ల గ్రామీణ పిల్లల మీద దృష్టి పెట్టింది. అడిగిన ప్రశ్నల్లో ఒకటి చాలా చిన్నది. స్కేలు పక్కన ఒక వస్తువు ఉంటుంది, దాని పొడవు చెప్పాలి. వస్తువు సున్నా దగ్గర మొదలైనప్పుడు దాదాపు 85 శాతం మంది సరిగ్గా చెప్పారు. దాన్నే కొంచెం పక్కకు జరిపి పెడితే చెప్పగలిగినవాళ్లు 39 శాతమే.

జరిగినంత మాత్రాన వస్తువు పొడవు మారదు కదా! మరి అంతమంది ఎక్కడ తడబడ్డారు? వస్తువు 3 దగ్గర మొదలై 9 దగ్గర ముగిసిందనుకుందాం. ఇలాంటి చోట తప్పులు సాధారణంగా రెండు రకాలుగా వస్తాయి. కొందరు చివర కనిపించిన అంకె చదివేసి 9 అంటారు. ఇంకొందరు వేలు పెట్టి 3, 4, 5, 6, 7, 8, 9 అంటూ గీతలు లెక్కపెట్టి 7 అంటారు. జవాబు 6. మొదటి తప్పు తొందరపాటు అనుకోవచ్చు. రెండోది మాత్రం శ్రద్ధగా, ఓపిగ్గా చేసిన తప్పు. ఆ పిల్లలకు లెక్కపెట్టడం బాగానే వచ్చు, వాళ్లకు తెలియనిదల్లా ఏది లెక్కపెట్టాలన్నదే. గీతకూ గీతకూ మధ్య ఉన్న ఖాళీని వదిలేసి గీతల్ని లెక్కపెట్టారు.

ఈ తికమకకు మూలం ఒకటో తరగతిలోనే ఉంది. అప్పటిదాకా పిల్లలు లెక్కపెట్టినవన్నీ చేత్తో తాకగలిగేవి: గోళీలు, చింతపిక్కలు, మామిడికాయలు. మొదటి గోళీని తాకగానే 'ఒకటి' అనాలి. పొడవు దగ్గరికి వచ్చేసరికి లెక్క మారిపోతుంది. మొదటి గీత దగ్గర నిలబడితే ఇంకా ఏమీ కొలవనట్టే, అక్కడున్నది సున్నా. ఒక అడుగు పూర్తిగా వేశాకే ఒకటి పూర్తవుతుంది. ఈ తేడాను నోటితో చెబితే ఆరేళ్ల పిల్లలకు ఎక్కదు, కాళ్లతో చేయిస్తే ఎక్కుతుంది. మనుషులే అంకెలై నిలబడే సంఖ్యారేఖ, జానలతో మూరలతో ఆడే కొలతల ఆటలు ఈ ఒక్క పని కోసమే అనుకున్నా తప్పులేదు.

సంఖ్యారేఖ ఆటకు కావలసినవి బడి వరండా, సుద్దముక్క, పాత శుభలేఖల వెనక రాసిన అంకెల కార్డులు, అరమీటరు పొడవున్న ఒక కర్ర. వరండాలో అయిదు మీటర్ల నిడివిన తిన్నగా గీత గీసి, కర్రను ఆనిస్తూ అరమీటరుకో అడ్డగీత పెడతారు. తర్వాత టీచర్ అడగవలసిన మొదటి ప్రశ్న: "పది వరకూ నిలబడాలంటే ఎంతమంది రావాలి?" క్లాసంతా ఒక్క గొంతుతో "పదిమంది" అంటుంది. సరే రమ్మంటే, పదిమంది వచ్చి 1 నుంచి 10 దాకా నిలబడతారు. గీత మొదట్లో ఒక చోటు ఖాళీగా మిగులుతుంది. అక్కడ ఎవరు నిలబడాలో పిల్లలే తేల్చుకోవాలి. సున్నా కార్డు పట్టుకుని పదకొండో మనిషి వచ్చాక, ఒక్కో ఖాళీలో ఒక్కో కర్ర పెట్టి చూస్తే కర్రలు పదే పడతాయి. మనుషులు పదకొండు, కర్రలు పది. ఇది చాలామంది పిల్లలకు మొదటిసారి వింతగానే ఉంటుంది. వెంటనే వివరించేయకుండా ఆ వింతను కాసేపు అలా ఉండనివ్వడం మంచిది.

ఇక నడక. 4 దగ్గరున్న పాపను మూడు అడుగులు ముందుకు వెయ్యమంటే ఎక్కడికి చేరాలి? 7కి. కానీ తరగతిలో కొందరైనా 6 దగ్గర ఆగిపోతారు. వాళ్లు నిలబడ్డ చోటే 'ఒకటి' అని, పక్క గీత మీద 'రెండు', ఆ పైన 'మూడు' అని ఉంటారు. ఇది కూడిక రాకపోవడం కాదు, నిలుచున్న చోటును కూడా లెక్కలో కలుపుకోవడం. దీన్ని పట్టుకోవడం తేలిక: ఆ పిల్లల జవాబులు ఎప్పుడూ సరిగ్గా ఒకటి తక్కువ వస్తాయి. వెనక్కి నడిపిస్తే ఒకటి ఎక్కువ వస్తాయి. రెండువైపులా ఇలాగే జరుగుతుంటే అనుమానం అక్కర్లేదు. దిద్దడానికి ఉపన్యాసం పనికిరాదు. "కాలు కదపకుండా అడుగు పడిందా, నాన్నా?" అని అడిగి, కాలు నేల మీద ఆనిన క్షణానే అంకె చెప్పాలన్న నియమం పెడితే చాలు. మిగతా క్లాసు చప్పట్లతో తాళం వేస్తే పాదానికీ మాటకూ జత కుదురుతుంది.

ఈ వరస మీద ఆడగలిగిన ఆటల్లోకెల్లా విలువైనది మూడు ప్రశ్నల ఆట. 3 కార్డు పట్టుకున్న పిల్లవాణ్ణీ, 9 కార్డు పట్టుకున్న పాపనూ చేతులు ఎత్తమనాలి. మొదటి ప్రశ్న: వీళ్లిద్దరి మధ్యలో ఎంతమంది ఉన్నారు? 4, 5, 6, 7, 8 కార్డులవాళ్లు, అంటే అయిదుగురు. రెండో ప్రశ్న: వీళ్లిద్దరినీ కలుపుకుంటే ఎంతమంది? ఏడుగురు. మూడో ప్రశ్న: ఇక్కడినుంచి అక్కడికి నడిస్తే ఎన్ని అడుగులు? నడిచి చూస్తే ఆరు. చోటు అదే, మనుషులు వాళ్లే, జవాబులు మాత్రం 5, 7, 6. మూడూ నిజమే. వీటిలో పొడవు ఏది? కర్రలు పెట్టి చూసిన పిల్లలు ఆరు అనే అంటారు. పదహారేళ్ల వయసులో స్కేలు మీద 7 అని చెప్పబోయే మనిషి ఎక్కడ తప్పుతాడో ఈ వరండాలో ముందే కళ్లకు కడుతుంది. మూడు ప్రశ్నల్ని వేరు వేరు రోజుల్లో కాకుండా వరసగా, అదే జంటను నిలబెట్టి అడగడంలోనే ఈ ఆట ఫలితం ఉంది.

రెండో విడతలో వరసను చెరిపేసి తాడు పట్టుకోవాలి. అయిదు మీటర్ల పురికొసకు ఒక కొసన 0, రెండో కొసన 10 పట్టుకుని ఇద్దరు నిలబడతారు. మధ్యలో గుర్తులేమీ ఉండవు. మిగతావాళ్లు ఒక్కొక్కరూ వచ్చి, చెప్పిన అంకె ఎక్కడుండాలో అక్కడ బట్టల క్లిప్పు పెట్టాలి. ఇక్కడ అంచనా మొదలవుతుంది. ఒకటో తరగతి పిల్లల్లో కొందరు సున్నా దగ్గరనుంచి తమ చిట్టి జానలతో 1, 2, 3 అని క్లిప్పులు పెట్టుకుంటూ పోతారు. 8 దగ్గరికి వచ్చేసరికి తాడు ఇంకా సగానికి పైగా మిగిలి ఉంటుంది. వాళ్లకు 8 అంటే వరసలో 7 తర్వాత వచ్చేది మాత్రమే. అది 10కి దగ్గరగా ఉండాలన్న ఊహ ఇంకా రాలేదు.

తాడును 0 నుంచి 100 చేస్తే ఇంకో సంగతి బయటపడుతుంది. చిన్న సంఖ్యలు చాలా చోటు ఆక్రమించి, పెద్దవన్నీ చివర ఇరుక్కుపోతాయి. 10ని తాడులో మూడోవంతు దాటించి పెట్టే పిల్లలు కనిపిస్తారు. 60, 80, 90 పక్కపక్కనే గుమిగూడతాయి. అమెరికాలో రాబర్ట్ సీగ్లర్, జూలీ బూత్ 2004లో ప్రచురించిన పరిశోధనలో కాగితం మీది గీతలతో దీన్నే గమనించారు. బడిలో చేరే వయసు పిల్లల మనసులో సంఖ్యల మధ్య దూరాలు ఇలా సాగి, కుంచించుకుని ఉంటాయి. రెండో తరగతికి వచ్చేసరికి 100 లోపు సంఖ్యలకు అవి చాలావరకు సమానంగా సర్దుకుంటాయి. కాబట్టి ఒకటో తరగతిలో క్లిప్పు తప్పుచోట పెట్టడం వయసుకు సహజమైన దశే. దాన్ని అశ్రద్ధ కింద జమకట్టి తిట్టకూడదు.

సరిచూసే పని తాడుకే అప్పగించవచ్చు. రెండు కొసలూ కలిపి మడిస్తే మడత పడ్డ చోటు 50. ఇంకోసారి మడిస్తే 25, 75. టీచర్ 'తప్పు' అనే పనే ఉండదు. 40కి క్లిప్పు పెట్టబోయే పిల్లవాడు ముందు మడత వైపు చూసి, అక్కడినుంచి కొంచెం వెనక్కి జరిగాడంటే అతనికి ఆనవాలు పట్టుకోవడం వచ్చినట్టు. సున్నా నుంచి వేళ్లతో పొడుచుకుంటూ వస్తున్నాడంటే ఇంకా రాలేదన్నమాట. క్లిప్పు ఎక్కడ పెట్టాడన్నదాని కంటే ముందు చూపు ఎటు వెళ్లిందన్నది ఎక్కువ చెబుతుంది.

నిజంగా నడవడం వల్ల ప్రత్యేకమైన లాభం ఉందా, కాగితం మీద గీత గీస్తే చాలదా అన్న ప్రశ్న న్యాయమైనదే. జర్మనీ పరిశోధకులు 2011లో ఒక ప్రయోగ ఫలితం ప్రకటించారు. కిండర్‌గార్టెన్ పిల్లల్ని అంకెల పెద్దా చిన్నా తేల్చి డ్యాన్స్ మ్యాట్ మీద అటో ఇటో అడుగు వెయ్యమన్నారు. అదే పనిని ట్యాబ్లెట్ తెర మీద కూడా చేయించారు. అడుగులు వేసి చేసిన సాధన తర్వాత సంఖ్యారేఖ మీద చోటు గుర్తించడం ఎక్కువ మెరుగుపడింది. అయితే అది కొద్దిమంది పిల్లల మీద జరిగిన చిన్న ప్రయోగం. దాన్ని పట్టుకుని ఒళ్లు కదిలితేనే లెక్కలొస్తాయని ప్రకటించేయడం అతి అవుతుంది.

ఇక్కడ మన వైకుంఠపాళి గురించి ఒక మాట. నూరు గడుల ఆట కదా, సంఖ్యారేఖకు అదే చాలనిపిస్తుంది. కానీ అందులో వరస పదో గడి దగ్గర మలుపు తిరుగుతుంది. 11వ గడి పదికి సరిగ్గా పైన ఉంటుంది, 20వ గడి ఒకటికి నెత్తిమీద ఉంటుంది. లెక్కపెట్టడానికి మంచిదే, దూరం తెలియడానికి మాత్రం అంత పనికిరాదు. సీగ్లర్, గీతా రమణి కలిసి చేసిన మరో పరిశోధనలో కూడా తిన్నటి వరసలో గడులున్న ఆట ఆడిన పిల్లలు, గడులు గుండ్రంగా అమర్చిన ఆట ఆడినవాళ్ల కంటే సంఖ్యల చోటు బాగా గుర్తించారు.

సంఖ్యారేఖ మీద కాళ్లు కుదురుకున్నాక చేతులకు పని చెప్పవచ్చు. మన ఇళ్లల్లో ఈ కొలతలు ఇంకా బతికే ఉన్నాయి. పూలమ్మే ఆమె మోచేతి నుంచి మధ్యవేలి కొస దాకా దండ చుట్టి మూర అంటుంది. నూతి తాడు బారల్లో కొలుస్తారు. నాలుగు వేళ్ల వెడల్పు బెత్తెడు, మూడు బెత్తెలు జాన, రెండు జానలు మూర, నాలుగు మూరలు బార అని పాత లెక్క. గోళీలాటలో జానలు పడతాయి. బిళ్లంగోడు ఆడే పిల్లలైతే బిళ్ల పడ్డ దూరాన్ని గోడుకర్రతోనే కొలుచుకుంటారు. ఎవరి చెయ్యి పెద్దదన్న పేచీ లేకుండా అందరికీ ఒకే కర్ర. బడి రెండో తరగతిలో నేర్పబోయే సంగతిని వాళ్లు ఆటస్థలంలో ముందే అమలు చేస్తున్నారు.

పాఠ్యప్రణాళిక వరస కూడా ఇదే. ఎన్‌సీఈఆర్‌టీ 2017లో ప్రకటించిన అభ్యసన ఫలితాల ప్రకారం ఒకటో తరగతిలో వేలు, జాన, మూర, అడుగులతో అంచనా, కొలత ఉంటాయి. రెండో తరగతిలో కర్ర, పెన్సిలు, దారం లాంటి మారని వస్తువులు, మూడో తరగతిలో సెంటీమీటర్లు, మీటర్లు వస్తాయి.

శరీరాన్నే కొలబద్ద చేసుకోవడం పెద్దలు కనిపెట్టి నేర్పిన చిట్కా కూడా కాదు. స్విట్జర్లాండ్‌లో జాన్ పియాజే బృందం పిల్లలకు ఒక బల్ల మీద దిమ్మెల గోపురం చూపించి, వేరే ఎత్తున్న బల్ల మీద అంతే ఎత్తున ఇంకొకటి కట్టమంది. కాగితపు పట్టీలు, కర్రలు పక్కనే ఉన్నాయి. చిన్నపిల్లలు కంటితోనే పోల్చి ఊరుకున్నారు. కొంచెం పెద్దవాళ్లు గోపురం ఎత్తుకు రెండు చేతులు పట్టుకుని, ఆ చేతుల్ని అలాగే మోసుకుంటూ రెండో బల్ల దగ్గరికి నడిచారు. లేదా తమ భుజం మీదో ఛాతీ మీదో ఎత్తు గుర్తుపెట్టుకున్నారు. కర్ర వాడవచ్చన్న ఆలోచన ఆ తర్వాతే వచ్చింది. 1948లో ఫ్రెంచిలో అచ్చయిన పుస్తకంలో ఈ పరిశీలనలున్నాయి.

తరగతిలో దీన్ని ఎలా నడపాలో ఒక ఉదాహరణ పూర్తిగా చూద్దాం. గోడ మీది నల్లబల్ల వెడల్పు 240 సెంటీమీటర్లు. ఈ సంగతి టీచర్‌కే తెలుసు, పిల్లలకు చెప్పరు. కొలవకముందే ఒక ప్రశ్న వెయ్యాలి: "నేను జానలేస్తే ఎక్కువ వస్తాయా, మీరేస్తే ఎక్కువ వస్తాయా?" పెద్ద చెయ్యికి పెద్ద అంకె వస్తుందని ఎక్కువమంది అంటారు. అప్పుడు కొలత మొదలు. టీచర్ జాన 20 సెంటీమీటర్లయితే ఆమెకు పన్నెండు వస్తాయి. 15 సెంటీమీటర్ల జాన ఉన్న పాపకు పదహారు, 13 సెంటీమీటర్ల జాన ఉన్న పిల్లవాడికి పద్దెనిమిదిన్నర దాకా రావాలి. చిన్న చెయ్యికి పెద్ద అంకె వచ్చింది! కొలత ముక్క చిన్నదయ్యేకొద్దీ ముక్కలు ఎక్కువ పడతాయన్న మాటను పుస్తకంలో చదివితే మరిచిపోతారు. తమ ఊహ తలకిందులైన చోట చూసినవాళ్లు మరిచిపోరు.

ఇదే లెక్క తప్పుల్ని పట్టే సాధనం కూడా. బల్ల దగ్గరికి వెళ్లేముందు ఇద్దరిద్దరు అరచేతులు ఆనించి ఎవరి జాన పెద్దదో చూసుకోవాలి. చిన్న జానవాడికి పదిహేనే వచ్చి, పెద్ద జానపాపకు పదహారు వచ్చాయనుకుందాం. అది జరగకూడనిది. ఆ పిల్లవాడు చిటికెనవేలు ఆనిన చోట బొటనవేలు పెట్టకుండా, ప్రతిసారీ మూడు సెంటీమీటర్లు వదిలేసి చెయ్యి గెంతించి ఉంటాడు. 13కి 3 కలిస్తే 16, అందుకే తనకు పదిహేను పడ్డాయి. అంకె మరీ ఎక్కువ వస్తే చేతులు ఒకదానిమీద ఒకటి ఎక్కాయన్నమాట, లేదా అలసిపోయి వేళ్లు సగమే చాచాడు. వంకరగా ఏటవాలుగా కొలుచుకుంటూ పోయినా అంకె పెరుగుతుంది. చిటికెనవేలు ఆనిన ప్రతిచోటా పక్కవాడు సుద్దతో చుక్క పెడుతుంటే ఈ తప్పులన్నీ బల్ల మీదే కనబడతాయి. జంటగా చేయించడం వెనక కారణం ఇదే.

పాదాలకు వచ్చేసరికి మళ్లీ పాత సమస్య. మడమకు బొటనవేలు ఆనిస్తూ గది పొడవు కొలవమంటే ఇద్దరు పిల్లలు ఒకేలా నడిచి రెండు జవాబులు చెబుతారు. మిషెల్ స్టీఫన్, పాల్ కాబ్, కోనో గ్రావెమైయర్ అమెరికాలోని ఒక ఒకటో తరగతిలో జరిపిన బోధన ప్రయోగంలో ఇది స్పష్టంగా నమోదైంది. 2003లో అచ్చయిన ఆ పరిశోధన ప్రకారం కొందరు మొదటి పాదం పెట్టగానే ఒకటి అన్నారు. ఇంకొందరు మొదటి పాదాన్ని లెక్కలోకి తీసుకోకుండా రెండో పాదం పెట్టినప్పుడు ఒకటి అన్నారు. ఇక్కడ మొదటివాళ్లదే సరి. పాదం కప్పిన చోటు ఒకటి, దాన్ని వదిలేస్తే నేలలో ఒక ముక్క కొలతలోంచి జారిపోతుంది. సంఖ్యారేఖ మీద నిలబడ్డ చోటును లెక్కపెట్టకూడదని నేర్పి, ఇక్కడ మొదటి పాదాన్ని లెక్కపెట్టాలంటే పిల్లలు గందరగోళపడరా? పడతారు. అందుకే రెండు ఆటల్లోనూ ఒకే ప్రశ్న అడగాలి: ఇప్పటిదాకా ఎంత నేల దాటాం? గీత మీద ఊరికే నిలబడితే ఏమీ దాటలేదు. గోడకు మడమ ఆనించి పాదం పెట్టామంటే పాదమంత నేల లెక్కకు వచ్చేసింది.

అదే ప్రయోగంలో పిల్లలు అయిదేసి పాదాలున్న కాగితపు పట్టీలతో కొలిచారు. మన బడిలో పాత దినపత్రిక దానికి సరిపోతుంది. పాదం చుట్టూ పెన్సిలుతో గీసి, అలాంటివి పది కత్తిరించి, సందు లేకుండా వరసగా అట్ట మీద అంటించాలి. తర్వాత అంకెలు వెయ్యమనాలి, ఎక్కడ వెయ్యాలో చెప్పకూడదు. దాదాపు అందరూ పాదం మధ్యలో 1, 2, 3 అని రాస్తారు. పాదాల్ని లెక్కపెట్టడానికి అది చాలు. అయితే ఒక పలక తెచ్చి, అది రెండు పాదాలు దాటి మూడో పాదంలో సగం దాకా వచ్చిందనిపించేలా పెడితే 3 అంకె మీదికి పలక అంచు వస్తుంది. మూడా? కాదు, రెండున్నరే. అప్పుడు అంకెను పాదం చివరికి జరపాలన్న అవసరం పిల్లలకే తోస్తుంది. మొదటి మడమ దగ్గర ఏం రాయాలి? సున్నా. ఇంతకన్నా స్కేలులో వేరే ఏముంది! తానే చేసిన స్కేలు మీద సున్నా ఎందుకుందో ఆ పిల్లకు ఇక ఎవరూ చెప్పక్కర్లేదు.

అంచనా సంగతి వేరుగా చెప్పుకోవాలి. తరగతుల్లో ఎక్కువగా పాడయ్యేది ఇదే. "ఎన్ని అడుగులుంటుందో ఊహించండి" అంటే పిల్లలు నోటికొచ్చిన అంకె చెబుతారు, కొలిచాక తమ అంచనాను రబ్బరుతో చెరిపి కొలతనే అక్కడ రాసుకుంటారు. దగ్గరగా చెప్పినవాడికి బహుమతి పెడితే ఈ రోగం ఇంకా ముదురుతుంది. దీనికి మందు మధ్యలో ఒకసారి ఆగడం. గది పొడవు ఆరు మీటర్లు, పిల్ల పాదం 18 సెంటీమీటర్లు అనుకుంటే ముప్ఫైమూడు పాదాల దగ్గర గోడ వస్తుంది. మొదట ఆమె "వంద" అంటుంది, రాసుకుంటుంది. అయిదు పాదాలు వేసి అక్కడ సుద్దగీత పెట్టి, వెనక్కి చూసి, ముందుకు చూసి మళ్లీ చెప్పమంటే అంచనా దిగివస్తుంది. ఇలాంటివి ఎన్ని అయిదులు పడతాయో ఆమె కంటితో పరుచుకుంటోంది. "నలభై" అంటుంది. ఆఖరికి ముప్ఫైమూడు. నోటుబుక్కులో మూడు అంకెలూ ఉండాలి: 100, 40, 33. ఇందులో టీచర్ మెచ్చుకోవలసింది వంద నుంచి నలభైకి వచ్చిన దారిని. "ముప్ఫైకీ నలభైకీ మధ్య" అన్న జవాబును కూడా నిండు జవాబుగానే తీసుకోవాలి.

ఈ పద్ధతికి ఎదురువాదన లేకపోలేదు. జానలు, మూరలు ముందు, సెంటీమీటరు చివర అన్న వరసను డగ్లస్ క్లెమెంట్స్ 1999లో ప్రశ్నించాడు. రకరకాల కొలతలు ఒకేసారి మీద పడితే అసలు విషయం మరుగున పడుతుందని ఆయన వాదన. అంతకుముందు 1993లో టెరెజిన్యా నూన్స్, ఆమె సహచరులు చేసిన ప్రయోగంలో, ఒకరికొకరు కనబడని పిల్లల జంటలు తమ దగ్గరున్న గీతల్లో ఎవరిది పొడవో మాటలతో తేల్చుకోవాలి. దారం చేతికిచ్చినవాళ్ల కంటే స్కేలు ఇచ్చినవాళ్లు బాగా చేశారు. కొస విరిగిన స్కేలుతో కూడా దారం కంటే మెరుగే. పిల్లలకు స్కేలు బొత్తిగా అందని వస్తువేమీ కాదని దీన్నిబట్టి తెలుస్తుంది.

ఈ వాదనలో బలముంది. వేలు, బెత్తె, జాన, మూర, పాదం, అంగ, బార అన్నీ ఒకే వారంలో చేయించడం చాలాచోట్ల జరిగే పొరపాటు. పేర్లు నోటికి వస్తాయి తప్ప కొలత రాదు. జాన, పాదం రెండూ చాలు. స్కేలును మూడో తరగతి దాకా దాచిపెట్టవలసిన పనీ లేదు. పాదాల పట్టీ తయారయ్యాక దాని పక్కన పెడితే చాలు, రెండూ ఒకే జాతివని పిల్లలే చెబుతారు. పట్టు దొరికిందో లేదో పరీక్షించడానికి దర్జీ దగ్గర వాడి పడేసిన టేపు ముక్క ఒకటి కావాలి, 20 దగ్గర మొదలై 45 దగ్గర తెగిపోయినదైతే మరీ మంచిది. దాంతో పెన్సిలు కొలవమంటే, మొదటి అంకెను వదిలి గడులు లెక్కపెట్టేవాళ్లు ఒకవైపు, "టీచర్, దీనికి మొదలు లేదు, పనికిరాదు" అనేవాళ్లు ఒకవైపు తేలిపోతారు. రెండోవాళ్లను మళ్లీ వరండాలోకి తీసుకెళ్లి 3కీ 9కీ మధ్య నడిపించాలి.

సెంటీమీటర్లు వచ్చాక జానకు సెలవివ్వనక్కర్లేదు, దాని ఉద్యోగం మారుతుందంతే. తన చిటికెనవేలి గోరు వెడల్పు సుమారు ఒక సెంటీమీటరని, తన జాన పద్నాలుగని, నేల మీద నిలబెట్టిన మీటరు కర్ర తన భుజం దగ్గరికి వస్తుందని ఎనిమిదేళ్ల పాప కొలిచి రాసుకుంటే, స్కేలు లేని చోట కూడా ఆమెకు అంచనా వెయ్యడానికి ఆధారాలుంటాయి. పిల్లలు ఎదుగుతారు కనుక ఆ పట్టికను ఆరు నెలలకోసారి తిరగరాయాలి.

ఒళ్లు కొలిచే ఆటల్లో ఒక జాగ్రత్త తప్పదు. ఎత్తులు పోల్చి వరసగా నిలబెట్టడం మొదలుపెడితే పది నిమిషాల్లో ఎవరో ఒకరికి పొట్టివాడన్న పేరు పడుతుంది, అది బడి వదిలేదాకా పోదు. ఒక్కో పిల్ల తన చేతిని, పాదాన్ని వస్తువుల మీద వాడాలి తప్ప పిల్లల్నే ఒకరితో ఒకరు కొలిపించకూడదు. అరచేతులు ఆనించి చూసుకోవడం వరకు ఫరవాలేదు, అందులో ఎగతాళికి పెద్దగా చోటుండదు.

నలభైమంది ఉన్న తరగతిలో పదకొండుమంది అంకెలై నిలబడితే మిగతావాళ్లు గోల చేస్తారన్నది టీచర్లు మొదట చెప్పే ఇబ్బంది. కార్డులు పట్టుకున్నవాళ్లు ప్రతి మూడు ఆటలకూ మారాలి. నిలబడనివాళ్లు నడిచేవాడు ఎక్కడ ఆగుతాడో ముందే పలక మీద రాసి పెట్టుకోవాలి. పలకలు పైకెత్తితే ఎవరు ఒకటి తక్కువ రాస్తున్నారో టీచర్‌కు ఒక్క చూపులో తెలుస్తుంది. ఒకటి, రెండు తరగతులు ఒకే గదిలో ఉండే ఏకోపాధ్యాయ బడుల్లో ఒకటో తరగతి పిల్లలు నడుస్తారు, రెండో తరగతివాళ్లు నడవకముందే జవాబు చెబుతారు. నడవలేని పిల్లలుంటే పురికొసకు సమానమైన దూరాల్లో ముళ్లు వేసి ఒళ్లో పెడితే వేళ్లే అడుగులవుతాయి. చూపు సరిగా లేని పిల్లలకూ అదే తాడు పనికొస్తుంది. సున్నా దగ్గర మాత్రం ముడికి బదులు ఒక బొత్తాం కట్టాలి, లేకపోతే మొదటి ముడిని ఒకటి అనే ప్రమాదం ఇక్కడా ఉంది.